జవాబు చెప్పక తప్పని చోట

పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో మకర ద్వారం వద్ద ఒక తంతు నిత్యం కనిపిస్తుంది. మంత్రిగారు కారు దిగుతారు. మైకులు ముందుకు చాచి మేమంతా ఒక్కసారిగా ప్రశ్నలు వేస్తాం. ఆయన చిరునవ్వుతో చేతులు జోడించి లోపలికి వెళ్లిపోతారు. అదే ప్రశ్నను ఒక ఎంపీ పదిహేను రోజుల ముందు నోటీసు ఇచ్చి రాతపూర్వకంగా అడిగితే, అది ఆనాటి ఇరవై నక్షత్ర ప్రశ్నల జాబితాలోకి ఎక్కితే, మంత్రిగారు జవాబు సభ ముందు ఉంచాల్సిందే. సభలో ఆయన ‘పరిశీలిస్తాం’ అన్నా దానికొక ఖాతా ఉంటుంది. ప్రభుత్వ హామీల కమిటీ ఆ మాటను రాసి పెట్టుకుని, మూడు నెలల్లో ఏం చేశారని అడుగుతుంది. రెండు ప్రశ్నల పదునూ ఒకటే. అడిగిన చోటు వేరు.

రెండు దశాబ్దాలుగా వృత్తిలో చూస్తున్న ఈ తేడా ఇంటి వ్యవహారంలో ఎంత అక్కరకు వస్తుందో 2025 వేసవిలో తెలిసింది. విషయం చిన్నదే, ఒక ఫ్రిజ్. కానీ అది ఒంగోలులో మా అమ్మానాన్నల ఇంట్లోని ఫ్రిజ్. అందులో నాన్నగారి ఇన్సులిన్ ఉంటుంది. తెరవని ఇన్సులిన్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. ఒంగోలులో ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో అక్కడి వారికి చెప్పనక్కర్లేదు.

ఆ ఫ్రిజ్‌ను 2024 జూలైలో కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనే కొని ఒంగోలుకు పంపించాను. ధర 28,990 రూపాయలు. మొదటి ఏడాది అన్ని భాగాలకూ వారంటీ, కంప్రెసర్‌కు పదేళ్లు. ప్రకటనలో పెద్దక్షరాల్లో కనిపించేది ఆ పదేళ్ల మాటే. అయితే ఏడాది దాటాక కంప్రెసర్ పాడైతే ఆ భాగం మాత్రమే ఉచితం. గ్యాస్ నింపడానికి, విప్పి బిగించడానికి, మనిషి వచ్చి వెళ్లడానికి డబ్బు కట్టాలి. కనుక కొన్నవాడికి నిజంగా విలువైనది ఆ మొదటి ఏడాదే. అది గడిచిపోయేదాకా కాలయాపన జరిగితే నష్టపోయేది కొన్నవాడే.

2025 ఫిబ్రవరి 24న ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. 27న సర్వీసు కుర్రాడు వచ్చి గ్యాస్ అయిపోయిందని నింపి వెళ్లాడు. మార్చి 8న మళ్లీ ఆగింది. 12న మళ్లీ గ్యాస్. 21న మూడోసారి ఆగింది. ఫ్రిజ్‌లోని గ్యాస్ వాడకంతో తరిగిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే తిరుగుతూ ఉంటుంది. మళ్లీ మళ్లీ నింపాల్సి వచ్చిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. మార్చి 24న వచ్చినప్పుడు ఆ కుర్రాడు నిజం చెప్పాడు. కారుతున్నది బయటి అతుకుల దగ్గర కాదని, గోడ లోపల ఫోమ్‌లో పాతుకుపోయిన గొట్టంలో అని, దాన్ని బాగుచేయడం కుదరదని, ఫ్రిజ్ మార్చాల్సిందేనని అన్నాడు. ఆ పైన ఒక మాట అడిగాడు. ‘‘బాబాయిగారూ, మీ ఫోనుకు ఓటీపీ వస్తుంది, చెప్పండి. చెబితేనే నేను రీప్లేస్‌మెంట్‌కు పంపగలను.’’ నాన్నగారు చెప్పారు. ఆ సాయంత్రమే కంపెనీ యాప్‌లో మా ఫిర్యాదు ఎదురుగా ‘పరిష్కరించబడింది’ అన్న మాట ప్రత్యక్షమైంది.

ఆ ఓటీపీ దేనికో ఉపకరణాలు కొన్న చాలామందికి అనుభవమే. పని పూర్తయిందని వినియోగదారుడు ఇచ్చే ధ్రువీకరణ అది. పాపం ఆ కుర్రాడిది పెద్ద దురుద్దేశమని నేను అనుకోను. అతను కంపెనీ ఉద్యోగి కాడు, ఏజెన్సీ మనిషి. తన పేరిట పెండింగు పెరిగితే అతనికే ఇబ్బంది. మార్పిడి చేయించే అధికారం అతనికి లేదు, ఫిర్యాదు మూసే మీట మాత్రం అతని చేతిలో ఉంది. పైకి వెళ్లాల్సిన సంగతి పైకి వెళ్లలేదు.

మార్చి 29న కంపెనీ వెబ్‌సైట్‌లో అదే మోడల్ కింద సమీక్ష రాశాను. తేదీలు, ఫొటో, ఫిర్యాదు నంబరు అన్నీ పెట్టాను. ఇతరుల సమీక్షల కింద ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, మమ్మల్ని సంప్రదించండి’ అన్న అచ్చు జవాబులు కనిపించేవి. నాకు అదీ రాలేదు. వారం, రెండు వారాలు, నెల గడిచాయి. ‘ఉపయోగపడింది’ అని నలభై ఒక్క మంది మీట నొక్కారు. కొందరు తమకూ ఇదే జరిగిందని కింద రాశారు. కంపెనీ మాత్రం మౌనం. ఇక్కడ ఇన్సులిన్ పొరుగింటి వారి ఫ్రిజ్‌లో ఉండేది. రోజూ ఉదయం అమ్మ వెళ్లి వాళ్ల తలుపు తట్టేది.

సమీక్ష ఎంత బలంగా రాసినా ఎందుకు పలకరో ఆలోచిస్తే విషయం తేటపడుతుంది. సమీక్షకు చిరునామాదారు లేడు. దాన్ని చదివేది రేపు కొనబోయే వాళ్లు. కంపెనీలో దాన్ని చూసే వారెవరైనా ఉంటే వారు ప్రచార విభాగం మనుషులు, లేదా వారు పెట్టుకున్న ఏజెన్సీ. ఫ్రిజ్ మార్చే అధికారం వారికి లేదు. ఒకవేళ వారు సర్వీసు విభాగం రికార్డు తెరిచి చూసినా కనిపించేది ‘పరిష్కరించబడింది’ అన్న మాటే. పరిష్కారమైన ఫిర్యాదుపై కస్టమర్ ఇంకా కోపంగా ఉన్నాడని వారు అనుకుంటారు. చట్టం దృష్టిలోనూ అంతే. ఆన్‌లైన్ సమీక్షల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. సమీక్షలను ఎలా సేకరించాలి, నకిలీలను ఎలా అరికట్టాలి, ఎలా ప్రచురించాలి అన్నది దాని గొడవ. సమీక్షకు కంపెనీ ఫలానా రోజుల్లో పలకాలన్న చట్టబద్ధమైన విధి దానివల్ల రాలేదు.

ఫిర్యాదు సంగతి వేరు. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ గ్రీవెన్స్ అధికారిని నియమించి, ఆయన పేరు, హోదా, సంప్రదించే వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందినట్లు ఆ అధికారి 48 గంటల్లో తెలియజేయాలి, అందిన తేదీ నుంచి నెలలోగా పరిష్కరించాలి. ఈ గడియారం సమీక్షతో నడవదు. ‘అందిన తేదీ’ అని ఒకటి ఉండాలి, అందుకున్నవాడు ఒకడుండాలి. ముప్పై ఏడు రోజులు నడిరోడ్డు మీద నిలబడి అరిచిన ప్రశ్నను సభ లోపలికి తీసుకుపోవాలని అప్పుడు నిశ్చయించుకున్నాను. కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్‌కు లేఖ, దాని నకలు గ్రీవెన్స్ అధికారికి.

ఎవరికి రాయాలన్నది మొదటి చిక్కు. మనకు తెలిసింది బ్రాండు పేరు. బ్రాండుకు చట్టపరంగా ఉనికి లేదు, కంపెనీకి ఉంటుంది. ఇన్‌వాయిస్ మీద అమ్మకందారు అసలు పేరు ఉంటుంది, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా ఉంటాయి. ఆ పేరు పట్టుకుని కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో వెతికితే కంపెనీ గుర్తింపు సంఖ్య, రిజిస్టర్డ్ కార్యాలయం, డైరెక్టర్ల పేర్లు దొరుకుతాయి. లేఖ వెళ్లాల్సింది ఆ రిజిస్టర్డ్ కార్యాలయానికి. కంపెనీకి అక్కడ చేరిన కాగితం కంపెనీకి చేరినట్లే. ఎండీ పేరిట రాసినంత మాత్రాన ఆయన వ్యక్తిగతంగా దోషి అయిపోడు, ఆయనే చదువుతాడనీ లేదు. అయితే ఆయన పేరిట వచ్చిన కాగితాన్ని ఆయన కార్యాలయం ఏదో ఒక విభాగం నెత్తిన పెట్టక తప్పదు. అలా పెట్టేటప్పుడు దాని మీద ఒక తేదీ, ఒక ఆవక సంఖ్య పడతాయి.

లేఖను మా పత్రిక లెటర్‌హెడ్ మీద రాయలేదు. వృత్తి ప్రస్తావన లేదు. విలేకరికి జడిసి ఫ్రిజ్ మార్చారంటే ఆ నలభై ఒక్క మందికి అది ఏ విధంగానూ పనికిరాదు. ఒక పేజీకి మించకూడదనుకున్నాను. ఇంగ్లిష్‌లో రాసిన ఆ లేఖ సారాంశం తెలుగులో ఇది:

‘‘విషయం: ఫలానా మోడల్ రిఫ్రిజిరేటర్, ఇన్‌వాయిస్ సంఖ్య, క్రమసంఖ్య. మొదటి ఏడాది వారంటీలోని లోపం, మార్పిడికి అభ్యర్థన.

అయ్యా, ఈ ఉపకరణాన్ని మీ వెబ్‌సైట్‌లో 2024 జూలైలో 28,990 రూపాయలకు కొన్నాను. 2025 ఫిబ్రవరి 24, మార్చి 8, మార్చి 21 తేదీల్లో ఇది మూడుసార్లు పనిచేయడం మానింది. రెండుసార్లు గ్యాస్ నింపారు. గొట్టం లోపల కారుతున్నదని, మరమ్మతు సాధ్యం కాదని, మార్చాలని మార్చి 24న మీ సర్వీసు ప్రతినిధి చెప్పారు. అదే రోజు ఫిర్యాదు పరిష్కారమైనట్లు మీ యాప్‌లో నమోదైంది. ఉపకరణం నాటి నుంచి నేటి వరకు పనిచేయడం లేదు. మార్చి 29న మీ వెబ్‌సైట్‌లో ఈ వివరాలన్నీ సమీక్షగా రాశాను. జవాబు రాలేదు.

నేను కోరుతున్నది ఒక్కటే: ఈ ఉపకరణాన్ని అదే మోడల్ కొత్త దానితో మార్చండి, లేదా చెల్లించిన పూర్తి ధర తిరిగి ఇవ్వండి. లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. వారంటీ 2025 జూలైలో ముగుస్తుంది, లోపం మాత్రం ఫిబ్రవరిలోనే మీ దృష్టికి వచ్చిందని నమోదు చేస్తున్నాను. గడువు దాటితే నేను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

పని పూర్తి కాకుండా ఫిర్యాదు ఎలా మూతపడిందో కూడా తెలియజేయగలరు.’’

జతగా నాలుగు కాగితాలు పెట్టాను: ఇన్‌వాయిస్, వారంటీ కార్డు, యాప్‌లో ఫిర్యాదు మూసినట్లు చూపే తెర నకలు, సమీక్ష నకలు. ఆ చివరిదాని విలువ అప్పుడు తెలిసింది. సమీక్షగా అది ఎవరినీ కదిలించలేదు. లేఖకు జతపరిచాక అది సాక్ష్యమైంది. ఏ తేదీన ఏం చెప్పానో, కంపెనీ ఎన్నాళ్లు ఊరకుందో చూపే కాగితమైంది.

లేఖలో విశేషణాలు లేవు. ‘మోసం’, ‘దగా’, ‘సిగ్గుచేటు’ వంటి మాటలు లేవు. వాటి అవసరం లేదని మర్యాద కోసం అనడం లేదు. ఆ మాటలుంటే అవతలి వారు వాటికి జవాబిచ్చి తేదీలను వదిలేస్తారు. మానసిక క్షోభకు రెండు లక్షలు అడగమని ఒక మిత్రుడు చెప్పాడు. అడిగితే లేఖ నేరుగా లీగల్ విభాగానికి వెళుతుంది, అక్కడి నుంచి రక్షణాత్మకమైన జవాబు వస్తుంది. సమీక్ష తొలగిస్తానని కూడా ఆశ చూపలేదు. అలా రాస్తే అంతవరకు ఫిర్యాదుగా ఉన్నది బేరంగా మారుతుంది.

కమిషన్ మాట ఉత్త బెదిరింపు కాకూడదు. ఇచ్చిన గడువు దాటాక ఏమీ చేయని వాడి లేఖకు విలువ ఉండదు. 2019 చట్టం ఇందులో వినియోగదారుడికి రెండు మేళ్లు చేసింది. పాత 1986 చట్టం కింద అవతలి పక్షం ఉన్న చోటో, వివాదం పుట్టిన చోటో కేసు వేయాల్సి వచ్చేది. ఇప్పుడు ఫిర్యాదీ నివసించే చోట లేదా పనిచేసే చోట వేయవచ్చు. ఢిల్లీలో ఉంటూ ఒంగోలు ఫ్రిజ్ గురించి ఢిల్లీలోనే అడగగలను. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. ప్రత్యర్థికి జవాబివ్వడానికి ముప్పై రోజులు, మహా అయితే మరో పదిహేను రోజులు. ఈ నలభై ఐదు రోజులకు మించి పొడిగింపు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. అయితే పరిమితీ తెలిసే ఉండాలి. పరీక్ష అవసరం లేని కేసులను మూడు నెలల్లో, అవసరమైన వాటిని ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. కమిషన్ల వరండాల్లో తిరిగిన వారికి ఆ ప్రయత్నం ఎంత నెమ్మదిగా సాగుతుందో తెలుసు. లేఖ అసలు ప్రయోజనం అక్కడికి పోకుండా తేలడమే. పోవాల్సి వస్తే చేతిలో కాగితం ఉండడం రెండో ప్రయోజనం.

మే 5న రిజిస్టర్డ్ పోస్టులో, రసీదు తిరిగి వచ్చేలా పంపాను. (ఆ తర్వాత 2025లోనే రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఇప్పుడు పంపేవారు స్పీడ్ పోస్టులోనే పంపాలి.) అదే రోజు ఈమెయిల్‌లోనూ పెట్టాను. 9న అక్కడ ముద్ర పడింది. 14న ఫోను వచ్చింది. ‘‘ఎండీ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామండీ’’ అన్నారొక మహిళ. చాలా మర్యాదగా మాట్లాడారు. ‘‘మా రికార్డులో మీ ఫిర్యాదు మార్చి 24నే పరిష్కారమైనట్లుంది సార్, ఓటీపీ కూడా ఇచ్చారు’’ అన్నారు. నేను ఊహించిన చోటే ముడి ఉంది. ఆ రోజు తర్వాత కంపెనీ దృష్టిలో మా ఫ్రిజ్ పనిచేస్తూనే ఉంది!

తరుగుదల మినహాయించి పంతొమ్మిది వేల చిల్లర ఇస్తామని ఆమె మొదట ప్రతిపాదించారు. ఇలాంటి వేళ చాలామంది సరేనంటారు. లోపం మొదటి ఏడాదిలో, వారంటీలో ఉండగా వచ్చింది. పనిచేయని కాలానికి తరుగుదల ఎలా లెక్కకడతారని అడిగాను. ప్రతిపాదన ఏదైనా ఈమెయిల్‌లో పంపమన్నాను. రెండు రోజులకు వచ్చిన ఈమెయిల్‌లో తరుగుదల ఊసు లేదు, ‘ప్రత్యేక సందర్భంగా’ ఫ్రిజ్ మారుస్తామని ఉంది. మే 22న ఒంగోలులో కొత్త ఫ్రిజ్ దిగింది. అప్పటికి అది ఆగిపోయి అరవై రెండు రోజులు.

ఆ ‘ప్రత్యేక సందర్భం’ అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. వారంటీ కార్డులో రాసి ఉన్న హక్కు ఎండీ కార్యాలయం దాకా వెళ్లేసరికి అనుగ్రహమైపోయింది. ఢిల్లీలో ఈ తంతు నాకు కొత్త కాదు. ఆగిపోయిన పింఛను ముఖ్యమంత్రి దర్బారులో అర్జీ ఇస్తే సాయంత్రానికి మంజూరవుతుంది, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. పింఛను ఎందుకు ఆగిందో, అదే కారణంతో ఇంకెందరివి ఆగాయో ఎవరూ అడగరు. పై మెట్టు ఎక్కగలిగిన ఒక్కరి పని అయిపోతే కింది మెట్టు అలాగే విరిగి ఉంటుంది. నేను ఎక్కగలిగాను. ఇంగ్లిష్‌లో లేఖ రాయడం వచ్చు, కంపెనీ చిరునామా ఎక్కడ దొరుకుతుందో తెలుసు. మా నాన్నగారు రెండు పదుల ఏళ్లు బడిపంతులుగా పనిచేసినా ఆ వెబ్‌సైట్‌లో రిజిస్టర్డ్ కార్యాలయం వెతకలేరు. ఆ నలభై ఒక్క మందిలో ఎందరు వెతకగలరు?

లేఖలోని చివరి వాక్యానికి, అంటే పని కాకుండా ఫిర్యాదు ఎలా మూతపడిందన్న దానికి, జవాబు రాలేదు. నా ఫ్రిజ్ గురించి అడిగింది ఇచ్చారు, వారి పద్ధతి గురించి అడిగింది దాటవేశారు. ఒక వినియోగదారుడి లేఖకు ఉన్న హద్దు అది. ఆ హద్దు దాటించేందుకు చట్టంలో మరో చోటు ఉంది. పెక్కుమంది వినియోగదారులకు ఒకే రకంగా జరిగే అన్యాయంపై చర్య తీసుకోవడానికి 2020లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2019 చట్టం 17వ సెక్షన్ కింద జిల్లా కలెక్టరుకైనా దానికైనా రాతపూర్వకంగా గానీ ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ ఫిర్యాదు పంపవచ్చు. ఓటీపీ అడిగి మూసేసిన ఫిర్యాదుల వ్యవహారం అక్కడికి చేరాల్సిందే. సమీక్ష కింద తమ కథ రాసిన వారికి నేను అక్కడే జవాబు రాశాను: తేదీలు, ఫిర్యాదు నంబర్లు, ఓటీపీ ఎప్పుడు ఎవరు అడిగారో రాసి ఉంచండి, కలిపి పంపుదాం అని. ఇప్పటికి ఏడుగురు వివరాలు పంపారు. ఆరుగురివి సరిగ్గా ఒకే కథ.

మే 24న, సమీక్ష రాసిన యాభై ఆరో రోజున, దాని కింద కంపెనీ జవాబు ప్రత్యక్షమైంది. సమస్య పరిష్కారమైనందుకు సంతోషమని, వీలైతే రేటింగును సవరించగలరని కోరారు. రేటింగును అలాగే ఉంచి, కింద నాలుగు తేదీలు చేర్చాను: ఫ్రిజ్ ఆగిన రోజు, ఫిర్యాదు మూసిన రోజు, లేఖ అందిన రోజు, కొత్త ఫ్రిజ్ వచ్చిన రోజు.